బొమ్మ లేని ఖాళీలు

‘బొమ్మను చూసి ఖాళీలను పూరించండి’ అనే ఇంగ్లీషు వ్యాకరణ ప్రశ్నలో కావలసిన సమాచారం రెండు చోట్ల ఉంటుంది. కొంత వాక్యాల్లో, కొంత బొమ్మలో. వాక్యాలు మిగిలి బొమ్మ పోవడం తరచూ జరుగుతుంది. జిరాక్స్ కాపీలో బొమ్మ ఉన్న చోట నల్లటి మరక పడుతుంది. పీడీఎఫ్ నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అక్షరాలు వస్తాయి, బొమ్మ రాదు. ప్రశ్నపత్రాన్ని మళ్ళీ టైపు చేయించినప్పుడు బొమ్మ వేసే ఓపిక లేక ‘పై చిత్రాన్ని చూడండి’ అన్న మాట మాత్రం ఉంచేస్తారు. ఆ కాగితం చేతికొచ్చిన పిల్లవాడు ట్యూషన్ మాస్టారినో, ఇంట్లో చదువుకున్న అక్కనో అడుగుతాడు.

అప్పుడు పెద్దలు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. బొమ్మ లేకుండా ఏమీ చెప్పలేమని పక్కన పెట్టేస్తారు, లేదా బొమ్మలో ఏముందో తామే ఊహించుకుని అన్నీ నింపేస్తారు. రెండూ పిల్లవాడికి నష్టమే. ఆ ఖాళీల్లో చాలావాటికి బొమ్మతో పని ఉండదు. మిగిలినవాటికి జవాబు తెలియకపోయినా, ఏది ఉంటే ఏది రాయాలో చెప్పే సూత్రం ఉంటుంది. బొమ్మ దొరికేలోపు ఇవ్వదగినవి ఈ రెండూ.

ఖాళీలు నింపించే పద్ధతికి పరిశోధనలో పునాది వేసినవాడు అమెరికాకు చెందిన విల్సన్ టేలర్. ఒక రచన పాఠకులకు ఎంత సులువుగా అర్థమవుతుందో కొలవడానికి, అందులో కొన్ని మాటలు తీసేసి వాటిని పాఠకులతోనే నింపించే విధానాన్ని 1953లో ఆయన ప్రతిపాదించాడు. చుట్టూ ఉన్న మాటలే తీసేసిన మాటను పట్టిస్తాయన్నది దానికి ఆధారం. బొమ్మతో కూడిన అభ్యాసం ఆ ఆధారాన్ని కొంత వాక్యం బయటకు తీసుకుపోతుంది. రేమండ్ మర్ఫీ రాసిన ‘ఇంగ్లీష్ గ్రామర్ ఇన్ యూజ్’ 1985లో మొదటిసారి వెలువడింది. మన ఊళ్ళలోనూ విరివిగా దొరికే ఆ పుస్తకంలో చాలా అభ్యాసాలకు చిన్న చిన్న బొమ్మలే మూలం. అలాంటి పుటను టెక్స్ట్‌గా మార్చితే ప్రశ్న ఉంటుంది గానీ దాని కాళ్ళ కింద నేల ఉండదు.

కాబట్టి మొదటి పని ఖాళీలను వేరు చేయడం. దానికి ఒక పరీక్ష చాలు. ఆ ఖాళీలో రెండు వేర్వేరు జవాబులు రాసి, వాక్యాన్ని, దాని ముందువెనుకల వాక్యాలను కలిపి చదవాలి. రెండింటిలో ఒకటి వ్యాకరణానికో అర్థానికో పొసగకపోతే ఆ ఖాళీని మాటలే తేల్చేశాయి. రెండూ పొసిగితే దాన్ని తేల్చాల్సింది బొమ్మ.

ఒక నమూనా కాగితాన్ని తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది. బొమ్మ ఒక పల్లెటూరి బస్సు స్టాపుది అనుకుందాం. అది పోయింది. మిగిలిన వాక్యాలు ఇవి:

సమ్ పీపుల్ ____ (వెయిట్) ఫర్ ది బస్.
____ ఓల్డ్ వుమన్ ____ (సెల్) గ్వావాస్. షి ____ (సిట్) హియర్ ఎవ్రీ డే.
ఎ బాయ్ ____ (హోల్డ్) ____ అంబ్రెల్లా.
లుక్ అట్ ది క్లౌడ్స్! ఇట్ ____ (రెయిన్).
ది షీప్ ____ (క్రాస్) ది రోడ్.
సీత ____ (డ్రాప్) హర్ టిఫిన్ బాక్స్. ది రైస్ ఈజ్ ఆల్ ఓవర్ ది గ్రౌండ్.
రవి ఈజ్ స్టాండింగ్ నియర్ ____ బెంచ్.

ముందు టెన్స్ సంగతి. ‘బొమ్మను చూడండి’ అని ఉండి, వాక్యాల్లో కాలాన్ని చెప్పే మాట ఏదీ లేకపోతే, బొమ్మలో కనిపించే పనికి ఇంగ్లీషులో ప్రెజెంట్ కంటిన్యూయస్ వాడతారు. బొమ్మ ఒక క్షణాన్ని పట్టి ఉంచుతుంది. ఆ క్షణంలో పని ఇంకా నడుస్తూనే ఉంది కాబట్టి ఈజ్, ఆర్‌లకు ‘ఇంగ్’ రూపం చేరుతుంది. అందువల్ల ‘ఆర్ వెయిటింగ్’, ‘ఈజ్ సెల్లింగ్’, ‘ఈజ్ హోల్డింగ్’ అన్న మూడూ బొమ్మ చూడకుండానే రాయవచ్చు. ఈ నమూనాలో మరో సాక్ష్యం కూడా ఉంది. చివరి వాక్యంలో ‘ఈజ్ స్టాండింగ్’ అని అచ్చులోనే పూర్తిగా ఉంది. ప్రశ్న తయారుచేసినవాళ్ళు తామే నింపి ఉంచిన క్రియ ఏ టెన్స్‌లో ఉందో చూడటం అన్నిటికన్నా నమ్మదగిన ఆనవాలు. పిల్లలు మాత్రం ఖాళీ ఉన్న వాక్యాలే చదువుతారు, ఖాళీ లేనివాటిని దాటేస్తారు.

ముసలామె గురించిన రెండో వాక్యం ఇదే సూత్రానికి లొంగదు. అందులో ‘ఎవ్రీ డే’ ఉంది. రోజూ జరిగే పనికి సింపుల్ ప్రెజెంట్ కావాలి, కర్త ‘షి’ కాబట్టి ‘సిట్స్’ అవుతుంది. బొమ్మలో ఆమె ఆ క్షణాన కూర్చునే ఉన్నా సరే, ఈ వాక్యం ఆ క్షణం గురించి కాదు, ఆమె అలవాటు గురించి చెబుతోంది. కాలాన్ని చెప్పే మాటకూ బొమ్మకూ పోటీ వస్తే మాటదే పైచేయి. ఎవ్రీ డే, ఆల్వేజ్, యూజువల్లీ వంటివి కనిపిస్తే సింపుల్ ప్రెజెంట్. యెస్టర్‌డే, లాస్ట్ వీక్, వన్ డే వంటివి కనిపిస్తే సింపుల్ పాస్ట్. బొమ్మ ఉన్నప్పుడైనా ఈ క్రమం మారదు.

తెలుగు పిల్లలు బొమ్మల ప్రశ్నల్లో ప్రత్యేకంగా తడబడే చోటు ఒకటుంది. అది బొమ్మ లేకపోవడం వల్ల కాదు, తెలుగు అలవాటు వల్ల వస్తుంది. బొమ్మలో ఒక ఆవిడ ఉంటే మనం ‘ఎర్రచీర కట్టుకుంది, అరుగు మీద కూర్చుంది, చేతిలో బుట్ట పట్టుకుంది’ అంటాం. కట్టుకోవడం, కూర్చోవడం, పట్టుకోవడం అయిపోయాయి, వాటి ఫలితం మిగిలింది, అందుకే తెలుగులో ఆ రూపం సహజం. ఇంగ్లీషు ఆ మిగిలిన స్థితినే నడుస్తున్న పనిగా చూస్తుంది. ‘ఈజ్ వేరింగ్’, ‘ఈజ్ సిట్టింగ్’, ‘ఈజ్ హోల్డింగ్’ అంటుంది. నిలబడ్డాడు అనేదానికి ‘ఈజ్ స్టాండింగ్’, పడుకున్నాడు అనేదానికి ‘ఈజ్ లయింగ్’. తెలుగులో అనుకుని ఇంగ్లీషులో రాసే పిల్లవాడు ఇక్కడ ‘శాట్’, ‘వోర్’, ‘హెల్డ్’ రాస్తాడు. బొమ్మల వర్ణనలో ఎక్కువగా వచ్చే క్రియలు సరిగ్గా ఇవే. అందుకే బొమ్మ దొరికేలోపు ఒక్క సూత్రమే చెప్పడానికి సమయం ఉంటే ఈ అయిదు క్రియల సంగతి చెప్పడం మేలు. బొమ్మ దొరికాక కూడా దీని అవసరం తీరదు.

దీనికి ఎదురుగా, బొమ్మలో ఎంత స్పష్టంగా కనిపిస్తున్నా కంటిన్యూయస్‌లోకి రాని క్రియలు కొన్ని ఉన్నాయి. హ్యావ్, నో, లైక్, వాంట్, బిలాంగ్ అలాంటివి. ‘ది బాయ్ ____ (హ్యావ్) ఎ బ్యాగ్’ అంటే బ్యాగు అతని దగ్గర ఉందని అర్థం. అది పని కాదు కాబట్టి ‘హ్యాజ్’ అనే రాయాలి, ‘ఈజ్ హ్యావింగ్’ తప్పు. కానీ ‘ది బాయ్ ____ (హ్యావ్) బ్రేక్‌ఫాస్ట్’ అంటే తింటున్నాడని. అప్పుడు ‘ఈజ్ హ్యావింగ్’ సరైనదే. హ్యావ్ తర్వాత వస్తువు పేరు కూడా ఖాళీగా ఉంటే మాత్రం బొమ్మ కోసం ఆగక తప్పదు, ఎందుకంటే బ్యాగా, టిఫినా అన్నదాన్ని బట్టి క్రియ కూడా మారుతుంది.

ఇక మబ్బుల వాక్యం. ‘లుక్ అట్ ది క్లౌడ్స్!’ అన్న తర్వాత పిల్లలు ఎక్కువగా ‘విల్ రెయిన్’ రాస్తారు, వాన పడబోతోంది, అంటే భవిష్యత్తు, భవిష్యత్తు అంటే విల్ అని. జరగబోయేదానికి కళ్ళ ముందు ఆధారం కనిపిస్తున్నప్పుడు ఇంగ్లీషు ‘గోయింగ్ టు’ వాడుతుంది. మబ్బులు ఆధారం కాబట్టి ‘ఈజ్ గోయింగ్ టు రెయిన్’. బొమ్మల ప్రశ్నల్లో ఆధారం బొమ్మలోనే ఉంటుంది. కాబట్టి బొమ్మను చూసి ఏం జరగబోతోందో చెప్పమంటే దాదాపు ఎప్పుడూ ‘గోయింగ్ టు’ సరైన ఎంపిక. అయితే ఈ వాక్యంలో ఒక మెలిక ఉంది. వాన ఇప్పటికే పడుతూ ఉంటే ‘ఈజ్ రెయినింగ్’ కూడా పొసుగుతుంది. మబ్బుల్ని చూడమన్న మాట ఇంకా పడలేదనే వైపు మొగ్గుతుంది గానీ రెండోదాన్ని కొట్టిపారేయదు. తేల్చగలిగేది కుర్రవాడి చేతిలోని గొడుగు. అది తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది బొమ్మలోనే తెలుస్తుంది. ఇలాంటి చోట ఇవ్వదగిన జవాబు: గొడుగు మూసి ఉంటే ‘ఈజ్ గోయింగ్ టు రెయిన్’, తెరిచి ఉండి చినుకులు కనిపిస్తే ‘ఈజ్ రెయినింగ్’.

సీత టిఫిన్ డబ్బా వాక్యం మొదట చూస్తే బొమ్మ కావాలనిపిస్తుంది. డబ్బా జారుతోందా, జారిపోయిందా? కానీ పక్క వాక్యం ఆ పని చేసిపెట్టింది. అన్నం నేలంతా చెదిరి ఉందంటే డబ్బా పడటం అయిపోయింది, దాని ఫలితం ఇప్పుడు కనిపిస్తోంది. గతంలో జరిగిన పని ఫలితం ఇప్పుడు కళ్ళ ముందు ఉంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్, అంటే ‘హ్యాజ్ డ్రాప్డ్’. తెలుగులో ‘పడేసింది’ అనే ఒక్క రూపం నిన్న పడేసినా, ఇప్పుడే పడేసినా సరిపోతుంది. అందువల్ల ‘డ్రాప్డ్’, ‘హ్యాజ్ డ్రాప్డ్’ల మధ్య తేడా మన పిల్లల చెవికి తగలదు. వాళ్ళకు పనికొచ్చే ఆనవాలు ఇది: తర్వాతి వాక్యంలో ‘ఈజ్’ ఉండి, అది ముందు పని ఫలితాన్ని చెబుతుంటే హ్యాజ్ లేదా హ్యావ్ కావాలి. అదే చోట ‘ది రైస్ వాజ్ ఆల్ ఓవర్ ది గ్రౌండ్’ అని ఉంటే కథ గతంలోకి వెళ్ళిపోతుంది, అప్పుడు ‘డ్రాప్డ్’.

గతంలో నడిచే కథ అన్నప్పుడు బొమ్మ ఒకటి కాకుండా వరుసగా నాలుగైదు ఉండే ప్రశ్నలు గుర్తుకు రావాలి. ఒకే దృశ్యమైతే కంటిన్యూయస్ సహజం. బొమ్మల వరుస అయితే అది కథ, దానికి సింపుల్ పాస్ట్ సహజం. పోయింది ఏ రకమో కూడా మిగిలిన మాటల్లోంచే పట్టవచ్చు. ‘వన్ డే’, ‘దెన్’, ‘సడెన్లీ’, ‘అట్ లాస్ట్’ లాంటివి వాక్యాల మొదట్లో ఉంటే వరుస బొమ్మల కథ. ‘ఆన్ ది లెఫ్ట్’, ‘ఇన్ ది మిడిల్’, ‘బిహైండ్ ది హౌస్’ లాంటి చోట్ల పేర్లు ఉంటే ఒకే దృశ్యం. గడియారాల బొమ్మలతో ఇచ్చే దినచర్య ప్రశ్నలు మూడో రకం. అక్కడ ‘అట్ సెవెన్ ఓ క్లాక్ హి ____ (గెట్) అప్’ అంటే ‘గెట్స్’. అదే ‘ఇట్ ఈజ్ సెవెన్ ఓ క్లాక్ నౌ’ అని ఉంటే ‘ఈజ్ గెటింగ్’. తేడా అంతా ఆ ‘నౌ’లో ఉంది, గడియారం బొమ్మలో లేదు.

గొర్రెల వాక్యానికి మాత్రం మాటల్లో దారి లేదు. ‘షీప్’ అన్న మాట ఒక గొర్రెకూ అదే, మందకూ అదే. టెన్స్ తెలుసు, క్రాసింగ్ అని తెలుసు, ముందు ‘ఈజ్’ రావాలో ‘ఆర్’ రావాలో తెలియదు. ‘డీర్’, ‘ఫిష్’ కూడా ఇంతే. సాధారణంగా నామవాచకం చివరి ‘స్’ శబ్దమే ఒకటో ఎక్కువో చెప్పేస్తుంది కాబట్టి బొమ్మ లెక్క అక్కరలేదు. ఈ మూడు మాటల దగ్గర అది కావాలి. ‘ఒకటైతే ఈజ్ క్రాసింగ్, రెండు మూడుంటే ఆర్ క్రాసింగ్’ అని రెండూ రాసి పెట్టడమే సరైన పని. ‘పీపుల్’ దగ్గర ఈ సందేహం లేదు, అది ఎప్పుడూ బహువచనమే.

టెన్స్ తర్వాత ఆర్టికల్స్. ఇక్కడ రెండు వేరు వేరు ప్రశ్నలు కలగాపులగం అవుతుంటాయి. ‘ఎ’ రావాలా ‘యాన్’ రావాలా అన్నది ఒకటి. ఆ రెండిట్లో ఏదో ఒకటి రావాలా, ‘ది’ రావాలా, అసలేమీ రాకూడదా అన్నది రెండోది. మొదటిదానికి బొమ్మ ఎప్పటికీ అక్కరలేదు. ఖాళీ పక్కనున్న మాట ఏ ధ్వనితో మొదలవుతుందో చూస్తే చాలు. అచ్చు ధ్వని అయితే ‘యాన్’, హల్లు ధ్వని అయితే ‘ఎ’. అంబ్రెల్లా ముందు ‘యాన్’. వుమన్ ముందు ‘ఎ’, కానీ మధ్యలో ఓల్డ్ వచ్చింది కాబట్టి ‘యాన్ ఓల్డ్ వుమన్’. చూడాల్సింది నామవాచకాన్ని కాదు, ఖాళీని ఆనుకుని ఉన్న మాటను.

ఈ పరీక్షకు తెలుగు లిపి మంచి సాధనం. ఇంగ్లీషు అక్షరాలు ధ్వనిని దాచేస్తాయి, తెలుగు లిపి పలికినట్టే రాస్తుంది. యూనివర్సిటీ అని రాస్తే మొదటి అక్షరం ‘య’ వర్గానిది, హల్లు, కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’. అవర్ అని రాస్తే మొదట ‘అ’, కాబట్టి ‘యాన్ అవర్’, ఇంగ్లీషులో ముందు హెచ్ ఉన్నా సరే. వన్ రూపీ కాయిన్ ముందు ‘ఎ’. పొట్టిపేర్ల దగ్గర ఇది ఇంకా బాగా పనిచేస్తుంది: ఎమ్మెల్యే, ఎస్సై, ఎఫ్ఐఆర్, ఐఏఎస్ ఆఫీసర్, ఎక్స్‌రే అన్నిటి ముందూ ‘యాన్’. యూపీఐ పేమెంట్ ముందు ‘ఎ’. ఇంగ్లీషులో ఎమ్, ఎస్, ఎఫ్, ఎక్స్ హల్లులు కాబట్టి ‘ఎ’ రావాలని వాదించే పిల్లవాడు తెలుగులో ఒకసారి రాసుకుంటే చాలు.

అయితే ఈ సాధనం మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. అవి మన ఉచ్చారణ వల్ల వచ్చేవి. తెలుగులో మాట మొదట ఎ, య శబ్దాలు ఒకదాన్లోకి ఒకటి జారిపోతాయి. పసుపు రంగును చాలామంది ‘ఎల్లో’ అనే పలుకుతారు, రాస్తారు. అందుకే ‘యాన్ ఎల్లో శారీ’ అన్న తప్పు ఇంత ఎక్కువగా వినిపిస్తుంది. అసలు ధ్వని ‘యెల్లో’, కావలసింది ‘ఎ’. చెవికీ సంవత్సరానికీ మనం ఒకే ‘ఇయర్’ పలుకుతాం. ఇంగ్లీషులో చెవి ముందు ‘యాన్’, సంవత్సరం ముందు ‘ఎ’. అలాగే చెక్కను ‘ఉడ్’ అని, స్త్రీని ‘ఉమన్’ అని, ఉన్నిని ‘ఊల్’ అని పలికే అలవాటు ఉన్నవాళ్ళు ‘యాన్ ఉమన్’ రాసేస్తారు. గుడ్డును ‘యెగ్’ అనేవాళ్ళు దానికి ఎదురుగా ‘ఎ యెగ్’ రాస్తారు. దీనికి విరుగుడు చిన్నది. మామూలు మాట ఇంగ్లీషు స్పెల్లింగులో వై లేదా డబ్ల్యూ అక్షరంతో మొదలైతే మన నోరు ఎలా పలికినా ముందు ‘ఎ’ రాయాలి. ‘యెగ్’ స్పెల్లింగులో ముందు వై లేదు కాబట్టి ‘యాన్’. ధ్వనితో మొదలుపెట్టి, అనుమానం వస్తే ఈ రెండక్షరాల దగ్గర మాత్రం స్పెల్లింగును చూసుకోవడం అన్నమాట.

రెండో ప్రశ్న, ‘ఎ’నా ‘ది’నా అన్నది, కష్టమైనది. తెలుగులో దానికి సమానమైన వ్యవస్థ లేదు. ‘కుక్క మొరుగుతోంది’ అంటే ఏదో కుక్కా, మనింటి కుక్కా అన్నది సందర్భమే చెబుతుంది. ఇంగ్లీషు ప్రతిసారీ ఆ సంగతి ముందే తేల్చమంటుంది. వినేవాళ్ళకు ఏదో తెలియని ఒక వస్తువును మొదటిసారి చెబితే ‘ఎ’ లేదా ‘యాన్’. ఏదో వాళ్ళకు తెలిస్తే ‘ది’. ఏదో తెలియడానికి మాటల్లో ఉండే కారణాలు మూడు నాలుగే. ఇంతకుముందు వాక్యంలో దాన్ని చెప్పి ఉండటం ఒకటి. సూర్యుడు, చంద్రుడు, ఆకాశంలా లోకానికి ఒక్కటే ఉండటం మరొకటి. ‘టాలెస్ట్’ లాంటి మాటతో అన్నిట్లో దాన్నే వేరు చేయడం ఇంకొకటి. ‘ఆన్ ది లెఫ్ట్’, ‘ఇన్ ది మిడిల్’, ‘ఎట్ ది టాప్’ వంటి చోట్ల ‘ది’ స్థిరంగా ఉంటుంది, బొమ్మల ప్రశ్నల్లో వీటికి కొదవలేదు. ఈ కారణాల్లో ఏది కనిపించినా బొమ్మ కోసం ఆగనక్కరలేదు.

నమూనాలోని ముసలామె అక్కడే మొదటిసారి వచ్చింది, కాబట్టి ‘యాన్ ఓల్డ్ వుమన్’. తర్వాత ఎక్కడైనా ఆమె మళ్ళీ వస్తే ‘ది ఓల్డ్ వుమన్’. గొడుగూ మొదటిసారే. ‘ఎ బాయ్’ అని ముందే అచ్చులో ఉండటం కూడా ఇదే చెబుతోంది. ఈ ప్రశ్న రాసినవాళ్ళు కొత్త మనిషిని ‘ఎ’తో పరిచయం చేస్తున్నారు. అలా కాకుండా కొత్తవాళ్ళందరినీ ‘ది’తో మొదలుపెట్టి ఉంటే, చదివేవాడి ముందు బొమ్మ ఉందన్న ధైర్యంతో ‘ఇదిగో, బొమ్మలోని ఆ ముసలామె’ అన్నట్టుగా రాస్తున్నారని అర్థం. అప్పుడు మొదటి ప్రస్తావన సూత్రం పనిచేయదు. ‘ది షీప్’ అన్నది ఆ తీరుదే. ముందెక్కడా రాని గొర్రెలు నేరుగా ‘ది’తో వచ్చాయి, ఎందుకంటే బొమ్మలో అవి కళ్ళెదుటే ఉన్నాయి.

చివరి వాక్యంలోని బెంచీ దగ్గర మాటలు చేతులెత్తేస్తాయి. బొమ్మలో ఉన్నది ఒకే బెంచీ అయితే ‘నియర్ ది బెంచ్’ సహజం, ఏ బెంచీనో చూసేవాళ్ళకు తెలిసిపోతుంది కాబట్టి. రెండు మూడు ఉంటే వాటిల్లో ఏదో ఒకదాని పక్కన అని ‘నియర్ ఎ బెంచ్’. ఒకే బెంచీ ఉన్నా, మొదటి ప్రస్తావన కదా అని ‘ఎ’ రాసినా తప్పుపట్టలేం. ఇలాంటి ఖాళీకి ఒక్క జవాబే సరైనదని పట్టుబట్టే కీ ఉంటే, లోపం ప్రశ్నలో ఉంది గానీ రాసిన పిల్లవాడిలో లేదు.

ఆర్టికల్ అసలు రాకూడని చోట్లు బొమ్మతో సంబంధం లేనివి, త్వరగా చెప్పెయ్యదగినవి. ‘ప్లే క్రికెట్’, ‘గో టు స్కూల్’, ‘బై బస్’, ‘హ్యావ్ లంచ్’, ‘స్పీక్ తెలుగు’ ఇలా ఉన్నది ఉన్నట్టు గుర్తుంచుకోవాలి. రైస్, మిల్క్, వాటర్ లాంటివాటి ముందు ‘ఎ’ పెట్టకూడదు. నమూనాలో ‘ది రైస్’ వచ్చింది కదా అని ఎవరైనా అడిగితే, అది సీత డబ్బాలోని ఆ అన్నమే కాబట్టి అని జవాబు.

ఇదంతా చేశాక నమూనా కాగితం పరిస్థితి ఇది. ఖాళీలు పది. వాటిలో ఏడు మాటలతోనే తేలిపోయాయి: ఆర్ వెయిటింగ్, యాన్, ఈజ్ సెల్లింగ్, సిట్స్, ఈజ్ హోల్డింగ్, యాన్, హ్యాజ్ డ్రాప్డ్. మూడు మిగిలాయి: వాన, గొర్రెలు, బెంచీ. పిల్లవాడికి పంపే జవాబులో ఈ రెండు వర్గాలను విడివిడిగా చూపాలి. ఏడింటికీ జవాబుతోపాటు దాన్ని తేల్చిన మాట ఏదో కూడా రాయాలి, ‘సిట్స్, ఎందుకంటే ఎవ్రీ డే ఉంది’ అన్నట్టు. మూడింటికి ‘ఇలా ఉంటే ఇది, అలా ఉంటే అది’ అన్న రూపం ఇవ్వాలి. అన్నీ కలిపి ఒకే జాబితాగా ఇస్తే ఏది నిశ్చయమో ఏది అనుమానమో పిల్లవాడికి తెలియదు, ఊహను కూడా సూత్రంగా నేర్చుకుంటాడు.

బొమ్మను ఫోటో తీసి పంపమని అడగడం సరే. అది వీలుకాకపోతే, పుస్తకం ఉన్న స్నేహితుడిని ఫోనులో అడగాల్సిన ప్రశ్నలు ఇప్పుడు సిద్ధంగా ఉన్నాయి. ‘బొమ్మలో ఏముంది?’ అని అడిగితే స్నేహితుడు తోచింది చెబుతాడు, కావలసింది చెప్పడు. ‘గొడుగు తెరిచి ఉందా? గొర్రెలెన్ని? బెంచీ ఒకటేనా?’ అని అడిగితే మూడు ముక్కల్లో పని అయిపోతుంది.

ప్రశ్నపత్రం తిరిగి టైపు చేసే ఉపాధ్యాయులకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. సీబీఎస్‌ఈ పరీక్షల్లో చూపులేని విద్యార్థులకు బొమ్మ, పటం ఉన్న ప్రశ్నల స్థానంలో మాటలతోనే జవాబివ్వగల ప్రశ్న వేరుగా ఇస్తారు. తరగతి గదిలో అంత అక్కరలేదు. బొమ్మ ఉండాల్సిన చోట తెలుగులో రెండు వాక్యాలు రాస్తే చాలు: ‘బొమ్మలో బస్సు స్టాపు. కుర్రవాడి గొడుగు మూసి ఉంది, మూడు గొర్రెలు రోడ్డు మీద ఉన్నాయి, బెంచీ ఒకటే ఉంది.’ ఇంగ్లీషులో వర్ణిస్తే టెన్సూ ఆర్టికలూ ఆ వర్ణనలోనే బయటపడిపోతాయి. తెలుగులో రాస్తే విషయం తెలుస్తుంది, వ్యాకరణం మాత్రం పిల్లవాడే ఆలోచించుకోవాలి.

కొన్ని ఖాళీలకు ఈ సూత్రాలేవీ అందవు. ‘ది క్యాట్ ఈజ్ ____ ది టేబుల్’ అన్నచోట ఆన్, అండర్, బిహైండ్ మూడూ పొసుగుతాయి. ‘ది గర్ల్ ఈజ్ ఈటింగ్ ____’ అన్నచోట అరటిపండు కావచ్చు, ఇడ్లీ కావచ్చు. టెన్స్ ముందే అచ్చులో ఉంది, ఆర్టికల్ అడగలేదు, అడిగింది బొమ్మలోని వస్తువునూ చోటునూ మాత్రమే. అలాంటివి ఖాళీగానే ఉంచి, బొమ్మ వచ్చాక నింపాలి.